ప్రెస్ కింద పోయిన రెండు వేళ్లు: పరిహారం లెక్క ఎక్కడ మొదలవుతుంది?

పవర్ ప్రెస్ దిగింది. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. కార్మికుడి వయసు 30, నెల జీతం 18,000 రూపాయలు. సూపర్‌వైజర్ కంపెనీ జీపులోనే దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. రిసెప్షన్‌లో అడిగితే "ఇంట్లో తలుపు సందులో పడి నలిగాయి" అని రాయించాడు. పోలీసు కేసు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ తనిఖీ తప్పించుకోవడానికి చెప్పిన అబద్ధం అది. ఆస్పత్రి ఖర్చంతా యజమానే భరించాడు కాబట్టి కార్మికుడి ఇంట్లోవాళ్లూ మాట్లాడలేదు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే గాని, కార్మిక శాఖ ఆఫీసుల్లోనూ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుల్లోనూ చిక్కుపడే కేసులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. యజమాని ఆ రోజు పెట్టిన ఖర్చు యాభై వేలో లక్షో ఉండవచ్చు. కేసు షీటు మీద రాయించిన ఆ ఒక్క వాక్యం వల్ల కార్మికుడు పోగొట్టుకోబోయేది అంతకు ఎన్నో రెట్లు. ఎంతో తేలాలంటే ముందు అతను ఏ దారిలో అడగాలో తేలాలి.

రెండు దారులున్నాయి, నడవగలిగేది ఒక్కటే

పనిలో గాయపడితే డబ్బు రెండు వైపుల నుంచి రావచ్చు. ఒకటి ఈఎస్‌ఐ. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలు, సంస్థల్లో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు. వికలాంగులకు ఆ పరిమితి 25,000. జీతంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. ప్రమాదం జరిగితే డబ్బిచ్చేది యజమాని కాదు, ఈఎస్‌ఐ కార్పొరేషన్.

రెండోది పరిహార చట్టం. 1923 నాటి ఈ చట్టాన్ని ఇప్పటికీ చాలామంది "వర్క్‌మెన్ కాంపెన్సేషన్" అనే పిలుస్తారు. ఈఎస్‌ఐ పరిధిలోకి రాని కార్మికులకు ఇదే ఆధారం. ఇక్కడ చెల్లించాల్సింది యజమాని, దరఖాస్తు వినేది కార్మిక శాఖలోని పరిహార కమిషనర్. అతను డబ్ల్యూసీ పాలసీ తీసుకుని ఉంటే అతని తరఫున బీమా కంపెనీ కడుతుంది.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఈ రెండు చట్టాలనూ తనలో కలుపుకుంది. కింద చెప్పే లెక్కల మూలసూత్రాలు మారలేదు. మారినవాటిలో పరిహారానికి బాగా తగిలేది "వేతనం" నిర్వచనం: అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంగానే లెక్కిస్తారు. బేసిక్ ఆరు వేలు చూపి మిగతాదంతా అలవెన్సుల పేరిట ఇచ్చే పద్ధతికి దీంతో చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

ఈఎస్‌ఐలో ఉన్నవాడు అదే గాయానికి పరిహార చట్టం కింద యజమాని మీద మళ్లీ దావా వేయలేడు. ఈఎస్‌ఐ చట్టంలోని 53వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది. ఎ. ట్రెహాన్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. అయినా "ఈఎస్‌ఐలో వచ్చేది చిల్లర, కమిషనర్ దగ్గర వేస్తే లక్షలొస్తాయి" అని ఎవరో చెప్పిన మాట నమ్మి కేసు వేసేవాళ్లున్నారు. రెండేళ్లు తిరిగాక కేసు కొట్టేస్తారు, ఈలోగా ఈఎస్‌ఐలో చేయాల్సిన పనులూ ఆగిపోతాయి. ఆ "చిల్లర" అనే మాట కూడా సరికాదు. లెక్క వేస్తే తెలుస్తుంది.

ఈఎస్‌ఐ దారిలో అదే చెయ్యి

నెలకు 18,000 అంటే రోజుకు 600 రూపాయలు. ఓవర్‌టైమ్ చేసి ఉంటే సగటు ఇంకాస్త పెరుగుతుంది. ఈఎస్‌ఐలో చేరడానికి ఉన్న 21,000 పరిమితి చూసేటప్పుడు ఓటీ కలపరు గాని, చందా కట్టేటప్పుడూ ప్రయోజనం లెక్కగట్టేటప్పుడూ కలుపుతారు. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ ఓటీ లేదనే అనుకుందాం.

గాయం మాని పనికి వెళ్లగలిగేదాకా వచ్చేది తాత్కాలిక అశక్తత భృతి. రోజు వేతనంలో 90 శాతం, అంటే 540 రూపాయలు. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పనికి పోలేని స్థితి ఉండాలి. అలా ఉంటే మొదటి రోజు నుంచే లెక్కిస్తారు. ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మర్నాడే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. ఇన్ని రోజులకు మించి ఇవ్వరన్న పరిమితీ లేదు. 75 రోజులకు గాయం మానిందనుకుంటే 40,500 రూపాయలు వస్తాయి. వైద్యం ఖర్చు దీనికి సంబంధం లేకుండా ఈఎస్‌ఐ చూసుకుంటుంది.

డాక్టరు ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చాక అసలు సంగతి మొదలవుతుంది. వేళ్లు తిరిగి రావు కాబట్టి ఇది శాశ్వత పాక్షిక వైకల్యం. కేసు మెడికల్ బోర్డు ముందుకు వెళ్తుంది. ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత తగ్గినట్టో చట్టం షెడ్యూలులో రాసి ఉంటుంది: ఒకే చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం, మూడు పోతే 30, బొటనవేలు ఒక్కటి పోయినా 30. మన కార్మికుడిది 20 శాతం. రోజుకు 540లో 20 శాతం అంటే 108 రూపాయలు, ముప్పై రోజుల నెలకు 3,240. ఇది జీవితాంతం వస్తుంది. మళ్లీ అదే ప్రెస్ మీద పనికి చేరి పూర్తి జీతం తీసుకుంటున్నా ఆగదు. ధరల పెరుగుదలను బట్టి కార్పొరేషన్ అప్పుడప్పుడూ పెంచుతుంది కూడా.

మరో దారిలో అదే చెయ్యి

అదే మనిషి ఏడుగురే పనిచేసే చిన్న షెడ్డులో ఉండి, ఈఎస్‌ఐ వర్తించకపోతే పరిహార చట్టం లెక్క వస్తుంది. శాశ్వత వైకల్యానికి సూత్రం: నెల వేతనంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. వచ్చినదాంట్లో వైకల్యం శాతం తీసుకోవాలి. మరణమైతే 60కి బదులు 50 శాతం. ఇక్కడో మెలిక ఉంది. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది నెలకు 15,000 రూపాయల వరకే. ఈ పరిమితి 2020 జనవరి 3 నుంచి ఉంది, అంతకుముందు 8,000 ఉండేది.

15,000లో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. రెండూ హెచ్చవేస్తే 18,71,820 రూపాయలు. అందులో 20 శాతం 3,74,364. ఇది ఒక్కసారే వచ్చే మొత్తం. పనిలేని 75 రోజులకు పదిహేను రోజులకోసారి వేతనంలో 25 శాతం, అంటే 3,750 చొప్పున ఐదు విడతల్లో 18,750 వస్తుంది. ఆస్పత్రి ఖర్చు ఎంతయితే అంత యజమాని ఇవ్వాలి.

గుణకం వయసుతో తగ్గుతుంది. 40 ఏళ్లకు అది 184.17, 50 ఏళ్లకు 153.09. అందుకే వయసు రుజువు దగ్గర బేరం నడుస్తుంది. ఆధార్‌లో ఒక సంవత్సరం, స్కూలు సర్టిఫికెట్‌లో మరోటి ఉంటే అవతలి వకీలు ఎక్కువ వయసు చూపే కాగితాన్నే పట్టుకుంటాడు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడితే, 3,74,364 పెద్ద మొత్తంలా కనబడుతుంది. ఈఎస్‌ఐ ఇచ్చే 3,240 ఏడాదికి 38,880 అవుతుంది. పెంపుదల ఏమీ లేదనుకున్నా పదేళ్లు నిండకముందే ఆ మొత్తాన్ని దాటుతుంది. మన కార్మికుడికి ఇంకా ముప్పై ఏళ్ల పనివయసు ఉంది. మొత్తం చేతికొస్తే వడ్డీకి తిప్పుకోవచ్చన్న వాదన ఉంది, నిజమే. కానీ గాయపడ్డ కుటుంబాల్లో ఆ డబ్బు ముందుగా అప్పులకే పోతుంది.

ఆ ఒక్క వాక్యం చేసే నష్టం

మళ్లీ ఆస్పత్రి రిసెప్షన్ దగ్గరికి వెళ్దాం. "ఇంట్లో తలుపు సందులో" అని రాసి ఉంటే ఈఎస్‌ఐ డాక్టరు దాన్ని పని ప్రమాదంగా చూడడు, మామూలు అనారోగ్యంగా సర్టిఫికెట్ ఇస్తాడు. అప్పుడు వచ్చేది జబ్బు సెలవు భృతి: వేతనంలో 70 శాతం, అంటే రోజుకు 540కి బదులు 420. ఏడాదికి 91 రోజులకు మించదు, చందా షరతులు కూడా ఉంటాయి. రోజుకు 120 రూపాయల తేడాతో పోతే సర్దుకోవచ్చు. అనారోగ్యం కింద నమోదైన గాయానికి శాశ్వత వైకల్య భృతి లేదు. జీవితాంతం రావాల్సిన నెల నెలా 3,240 పోయేది అక్కడ. "రెండు నెలలు సిక్ లీవ్ పెట్టుకో, మిగతాది నేను చూసుకుంటా" అని యజమాని చెప్పే మాటకు అర్థం ఇదే.

పనిచేస్తుండగా జరిగిన ప్రమాదాన్ని, దానికి విరుద్ధమైన సాక్ష్యం లేకపోతే, పని వల్లే జరిగినట్టు భావించాలని ఈఎస్‌ఐ చట్టం చెబుతుంది. కార్మికుడి చేత రాయించిన ఆ అబద్ధమే ఆ విరుద్ధ సాక్ష్యం అవుతుంది.

కాబట్టి ఆస్పత్రిలో మొదటి కేసు షీటులో "పనిచేస్తుండగా ప్రెస్‌లో పడి" అన్న మాటలు, తేదీ, వేళ ఉండాలి. పోలీసులకు సమాచారం వెళ్లే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. అత్యవసరంలో ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లడం తప్పు కాదు. ఒకటి రెండు రోజుల్లో ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి ఎవరైనా వెళ్లి, ఈఎస్‌ఐలో పేరు ఎక్కినప్పుడు కార్మికుడికి వచ్చే ఐపీ నంబరు చెప్పి సమాచారం ఇవ్వాలి. ఫ్యాక్టరీలో ప్రమాదాల పుస్తకం ఉంటుంది, అందులో నమోదు చేయించాలి. యజమాని ఈఎస్‌ఐకి పంపాల్సిన ప్రమాద నివేదికను ఫారం 12 అంటారు. దానికి గడువు 24 గంటలు, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే పంపుతారు.

యజమాని పంపకపోతే? కార్మికుడు తానే బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. తెల్ల కాగితం మీద రాసినా సరే, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. అందులో ప్రమాదం జరిగిన తేదీ, షిఫ్టు, యంత్రం పేరు, చూసిన ఇద్దరి పేర్లు ఉంటే విచారణకు వచ్చిన అధికారికి పని సులువవుతుంది. తోటి కార్మికులు సాక్ష్యానికి భయపడటం సహజం. ఆ రోజు హాజరు పట్టీలో ఎవరెవరి పేర్లున్నాయో రాసిస్తే, వాళ్లను పిలిచి అడిగే పని అధికారిది అవుతుంది. అబద్ధం అప్పటికే రాసిపోయి ఉన్నా, ఎవరు రాయించారో, ఎందుకు రాయించారో ఈ ఉత్తరంలోనే చెప్పాలి. ఆరు నెలల తర్వాత చెబితే కట్టుకథగా కనబడుతుంది.

యజమానులు ఎక్కువగా వాడే ఎదురువాదం ఒకటుంది: "యంత్రానికి చేతులు పడకుండా అడ్డుగా పెట్టిన గార్డు తీసేసి పనిచేశాడు, తప్పు అతనిదే." అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. పరిహార చట్టంలో పోయేది మద్యం, మత్తు ప్రభావంలో ఉన్నప్పుడు, స్పష్టంగా ఇచ్చిన భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించినప్పుడు, భద్రతా సాధనాన్ని కావాలని తొలగించినప్పుడు. అదీ మరణమో, శాశ్వత పూర్తి వైకల్యమో కాని కేసుల్లోనే. చిన్న ప్రెస్ షాపుల్లో ఉత్పత్తి తగ్గుతుందని గార్డును తీయించేది మేనేజ్‌మెంటే. "నేను చేరినప్పటి నుంచీ ఆ ప్రెస్‌కు గార్డు లేదు" అన్న వాక్యం నిజమైతే మొదటి ఫిర్యాదులోనే ఉండాలి.

ఈఎస్‌ఐ ఉండాలి, కానీ కట్టలేదు

అన్నిటికంటే చిక్కైన పరిస్థితి ఇది. ఫ్యాక్టరీలో నలభై మంది ఉన్నారు, ఈఎస్‌ఐ వర్తిస్తుంది, కానీ ఈ కార్మికుడి పేరు ఎక్కించలేదు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. ప్రమాదం జరిగాక హడావిడిగా అదే సాయంత్రం పేరు ఎక్కిస్తారు. ఐపీ నంబరు పుట్టిన తేదీ, ప్రమాదం తేదీ ఒకటే కావడం చూసి బ్రాంచి ఆఫీసు అనుమానిస్తుంది, క్లెయిము ఆగిపోతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ప్రమాదం తేదీనే రెండు రోజులు వెనక్కో ముందుకో జరుపుతారు. అలా చేస్తే ఆస్పత్రి కాగితాలతో పొంతన కుదరక, నిజమైన ప్రమాదం కూడా అబద్ధంలా తయారవుతుంది.

పేరు ఎక్కలేదు కాబట్టి పరిహార చట్టం కిందికి వెళ్లవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం మాట వేరు. "చందా చెల్లించినవాడు" మాత్రమే కాదు, "చందా చెల్లించాల్సి ఉన్నవాడు" కూడా బీమా ఉన్నవాడే. భరగత్ ఇంజనీరింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: యజమాని కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు. కార్పొరేషన్ ప్రయోజనం ఇచ్చి, ఆ సొమ్మును 68వ సెక్షన్ కింద యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. కాబట్టి ఇక్కడ చేయాల్సింది ప్రమాదానికి ముందు నుంచే అక్కడ పనిచేస్తున్నట్టు చూపే ఆధారం సమకూర్చుకోవడం. గేట్ పాసు, బ్యాంకు ఖాతాలో పడ్డ జీతం, ఫోన్‌పే చెల్లింపు, షిఫ్టు వాట్సాప్ గ్రూపులో సందేశాలు, మేస్త్రీ రాసిన హాజరు చిట్టా, ఏదైనా పనికొస్తుంది. బ్రాంచి ఆఫీసు ఒప్పుకోకపోతే వెళ్లాల్సింది కార్మిక శాఖ కమిషనర్ దగ్గరికి కాదు, ఈఎస్‌ఐ కోర్టుకు. కాంట్రాక్టు కార్మికుడైతే ప్రధాన యజమానిని కూడా పార్టీగా చేర్చాలి, ఎందుకంటే చందా బాధ్యత మొదట అతనిదే.

శాతం దగ్గర జరిగే పోరాటం

మన ఉదాహరణలో 20 శాతం అని తేలిగ్గా అనేశాం. షెడ్యూలులో ఉన్న గాయం కాబట్టి అది కుదిరింది. ఎముక విరిగి మణికట్టు తిరగకపోయినా, నరం దెబ్బతిని పట్టు తగ్గినా షెడ్యూలులో అంకె ఉండదు. అప్పుడు ఈఎస్‌ఐలో మెడికల్ బోర్డు, పరిహార కేసులో డాక్టరు వేసే అంచనా మీదే అంతా ఆధారపడుతుంది. వాళ్లు వేయాల్సింది శరీరంలో ఎంత భాగం దెబ్బతిన్నదన్న లెక్క కాదు, ఆ మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్న లెక్క. ఈ రెండూ వేరని సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో 1975 డిసెంబరులోనే చెప్పింది. సినిమా హాలులో పనిచేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతికి పైన తీసేయాల్సి వచ్చింది. యజమాని పాక్షిక వైకల్యమన్నాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఆ పని వరకు అది పూర్తి వైకల్యమేనని కోర్టు తేల్చింది.

అందుకే బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు ఎక్స్‌రేలతో పాటు పని వివరం కూడా తీసుకెళ్లాలి. ఏ యంత్రం, ఎంత బరువు ఎత్తాలి, ఏ చేత్తో ఏం చేయాలి, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నాడు అన్నది ఒక పేజీలో రాసుకుని వెళ్తే చాలు. బోర్డు ముందు గడిచేది కొన్ని నిమిషాలే, అక్కడ గుర్తు తెచ్చుకుని చెప్పే వ్యవధి ఉండదు. వేసిన శాతం తక్కువనిపిస్తే మూడు నెలల్లోపు మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నేరుగా ఈఎస్‌ఐ కోర్టుకూ వెళ్లవచ్చు. మన కార్మికుడి విషయంలో శాతం 20 నుంచి 30కి పెరిగితే నెలకు 3,240 కాస్తా 4,860 అవుతుంది.

యజమాని కట్టాల్సి వస్తే

ఈఎస్‌ఐ లేని దారిలో దరఖాస్తు కార్మిక శాఖలో పరిహార కమిషనర్ అధికారాలున్న అధికారికి ఇవ్వాలి. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఎక్కువమంది ఈ గడువు దాటించుకునేది యజమాని మాట ఇచ్చాడనే. పని ప్రమాదానికి రావాల్సిన పరిహారం నాలుగు లక్షల దాకా ఉంటే యాభై వేలు చేతిలో పెట్టి, స్టాంపు కాగితం మీద "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అని సంతకం తీసుకుంటారు. ఆ కాగితానికి భయపడక్కర్లేదు. హక్కు వదులుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. రాజీ కుదిరినా దాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన తిరస్కరించవచ్చు. మరణం కేసులో డబ్బును కమిషనర్ దగ్గరే జమ చేయాలి. భార్య చేతికి నేరుగా ఇచ్చాననడం పరిహారం చెల్లించినట్టు కాదు.

పరిహారం బాకీ పడేది కమిషనర్ తీర్పు వచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజున. వడ్రంగి కేసులో తేలిన రెండో విషయం అది. నెలలోపు కట్టకపోతే 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. 3,74,364 రూపాయలకు అది ఏడాదికి దాదాపు 44,900. సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా, అంటే 1,87,182 వరకు జరిమానా వేయవచ్చు. బీమా పాలసీ ఉన్నా ఈ జరిమానా భారం యజమానిదేనని సుప్రీంకోర్టు 1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ కేసులో చెప్పింది. దరఖాస్తులో వడ్డీ, జరిమానా రెండూ విడిగా, స్పష్టంగా అడగాలి. అసలు మొత్తం మాత్రమే రాసి ఊరుకున్న దరఖాస్తులు కనబడుతూనే ఉంటాయి. కేసు మూడేళ్లు సాగితే వడ్డీ ఒక్కటే లక్షా ముప్పై వేలు దాటుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. తాత్కాలిక అశక్తత భృతి తీసుకుంటున్న కాలంలో ఈఎస్‌ఐ కార్మికుణ్ని తొలగించకూడదు, ఆ కాలంలో ఇచ్చిన నోటీసు చెల్లదు. ఫైనల్ సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు ఈ రక్షణ ముగుస్తుంది. అందుకే ఫిట్‌నెస్ కాగితం తీసుకుని పనికి వెళ్లిన రోజున రిజిస్టరులో సంతకం పెట్టనివ్వకపోతే, అదే రోజు కార్మిక శాఖకు రాసి పంపడం మంచిది.